ఐదు ఉద్యోగాలు, ఒకే రూట్ కాజ్

ఆమెను కౌన్సెలింగ్‌కి నా దగ్గరికి పంపింది ఒక ఇంటర్వ్యూ. ఐదో ఉద్యోగంలో ఉంటూ ఆరో దాని కోసం వెళ్ళిన ఇంటర్వ్యూ అది. బోర్డులో ఉన్న పెద్దాయన రెజ్యుమె తిరగేసి, ఒక్కో కంపెనీ ఎందుకు మానేశారని అడిగారు. ఆమె వరసగా చెప్పుకుంటూ వచ్చింది. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, “అమ్మా, నాలుగు చోట్లా మేనేజర్‌దే తప్పా?” అన్నారు. అందులో వెటకారం లేదని, అదే తనకి ఎక్కువ గుచ్చుకుందని ఆమె నాతో చెప్పింది. ఆ ఉద్యోగం రాలేదు. పటాన్‌చెరు నుంచి మియాపూర్ దాకా బస్సులో అదే మాట చెవిలో మోగిందట.

వయసు 34. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ అష్యూరెన్స్ విభాగంలో పనిచేస్తోంది. భర్త, ఆరేళ్ళ పాప ఉన్నారు. ఇక్కడ రాస్తున్నది ఆమె అనుమతితోనే. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను, రాసింది ఆమెకి చూపించాను, ఆమె వద్దన్న రెండు సంగతులు తీసేశాను.

ఆఫీసు గొడవలతో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువ మంది “మా బాస్‌తో ఎలా నెట్టుకురావాలి” అని అడుగుతారు. ఈమె కూర్చోగానే “తప్పు నాదేనా మేడమ్?” అంది. ఆ ప్రశ్నకి మొదటి రోజే జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. అవునంటే మనిషి కుంగిపోతుంది, కాదంటే రెండు వారాలు హాయిగా ఉండి ఆరో కంపెనీకి వెళ్ళిపోతుంది. అడగాల్సిన ప్రశ్న ఇంకా చిన్నదిగా ఉండాలి: జరిగినదాంట్లో ఏ ముక్క నా చేతుల మీదుగా వెళ్ళింది?

మొదటి గంటలో చేయాల్సిన మామూలు పనులు చేశాను. నిద్ర, ఆకలి, ఇంట్లో పరిస్థితి అడిగాను. డిప్రెషన్ లక్షణాలు చూసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు ఇచ్చాను. 27కి 6 వచ్చింది. 10 గాని అంతకంటే ఎక్కువగాని వస్తే వివరంగా చూడాలి కాబట్టి అప్పటికి భయపడాల్సింది లేదు. ఆ అంకె మళ్ళీ అవసరం పడుతుందని అప్పుడు నాకు తెలియదు.

మిగతా సమయమంతా ఆమె నాలుగు కథలు చెప్పింది. మొదటి చోట మూడేళ్ళు, రెండో చోట పద్నాలుగు నెలలు, మూడో చోట రెండేళ్ళు, నాలుగో చోట పంతొమ్మిది నెలలు. మధ్యలో పాప పుట్టినప్పుడు ఒక ఏడాది ఇంట్లో. ప్రతి కథ చివరా ఒకే మాట వచ్చింది. “ఆయనకి ఈగో మేడమ్.” ఒక చోట ఆయన బదులు ఆవిడ. అంతే తేడా. నోట్‌బుక్‌లో ఆ మాట నాలుగుసార్లు రాసుకున్నాను, ఆమెతో ఏమీ అనలేదు.

“రిజెక్ట్ చేస్తాను మేడమ్”

రెండో సెషన్‌లో ఆమె పని గురించి అడిగాను. ఫార్మా గురించి నాకు పెద్దగా తెలియదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాను. ఆమె హుషారుగా చెప్పింది. ఫ్యాక్టరీలో ఏది రాసిపెట్టుకున్న పద్ధతి తప్పినా దాన్ని డీవియేషన్ అంటారు. దానికి ఒక నంబర్ వేస్తారు. ఎందుకు జరిగిందో దర్యాప్తు చేసి రూట్ కాజ్, అంటే మూల కారణం, రాస్తారు. మళ్ళీ జరగకుండా ఏం చేస్తారో రాస్తారు, దాన్ని కాపా అంటారు. కొన్ని నెలల తర్వాత ఆ పని ఫలించిందో లేదో చూస్తారు, అది ఎఫెక్టివ్‌నెస్ చెక్. ఇవన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి, ఆమె సంతకం పడితేనే ఫైల్ మూతపడుతుంది.

“రూట్ కాజ్ దగ్గర ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ అని రాసి పంపితే సంతకం పెడతారా?” అని అడిగాను.

“రిజెక్ట్ చేస్తాను మేడమ్. మనిషి తప్పు అని రాసేయడం చాలా ఈజీ. ఆడిటర్లు ముందు దాన్నే పట్టుకుంటారు.” మందుల తయారీకి యూరప్ పెట్టిన జీఎంపీ నియమాల మొదటి అధ్యాయంలోనే ఈ సంగతి ఉందని ఆమే చెప్పింది. మానవ తప్పిదం అని రాయాలంటే, పద్ధతిలోగాని, ప్రక్రియలోగాని, వ్యవస్థలోగాని ఉన్న లోపాన్ని చూడకుండా వదిలేయలేదని ముందు చూపించాలి.

“అదే డీవియేషన్ నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లూ ఆపరేటర్ నిర్లక్ష్యమే అని రాస్తే?”

ఆమె నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. నేను నోట్‌బుక్ తిప్పి ఆమె వైపు పెట్టాను. ఈగో, ఈగో, ఈగో, ఈగో. కాసేపు దానివైపే చూసి, “నలుగురు వేరే వేరే ఆపరేటర్లు, ఒకే డీవియేషన్. అంటే మార్చాల్సింది మెషీన్‌ని” అంది. వెంటనే “కానీ రెండో కంపెనీ సంగతి వేరు మేడమ్” అని కూడా అంది. ఆ రెండో వాక్యం కూడా నిజమేనని తర్వాత తేలింది.

ఇక్కడ ఒక పక్క మాట. ఎదుటివాడు చేసినదానికి కారణం పరిస్థితిలో కాకుండా వాడి స్వభావంలో వెతకడం చాలామందిలో ఉన్నదే. 1967లో జోన్స్, హారిస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకి కాస్ట్రోని సమర్థిస్తూ, వ్యతిరేకిస్తూ రాసిన వ్యాసాలు ఇచ్చి, రాసినవాళ్ళ అసలు అభిప్రాయం ఏమిటో ఊహించమన్నారు. ఏ పక్షాన రాయాలో ముందే నిర్ణయించి ఇచ్చారని తెలిసినా, చదివినవాళ్ళు చాలావరకు ఆ రాత రాసినవాడి సొంత అభిప్రాయమే అనుకున్నారు. 1977లో లీ రాస్ ఈ పొరపాటుకి పేరు పెట్టాడు. ఈ ప్రయోగం గురించి క్లయింట్లకి నేను సాధారణంగా చెప్పను, చెబితే పాఠంలా ఉంటుంది. ఈమెకి చెప్పాను, ఎందుకంటే ఆమెకి ఆధారం లేకుండా ఏదీ ఎక్కదు. విని, “అయితే వాళ్ళు కూడా నా గురించి ‘ఆవిడకి ఈగో’ అనుకుని ఉంటారు” అంది. ఆ కోణం నాకు తట్టలేదు, ఆమెకే తట్టింది.

నెలలవారీ పట్టిక

మూడో సెషన్‌కి ఒక పట్టిక రాసుకుని రమ్మన్నాను. ఒక్కో ఉద్యోగానికి ఒక్కో వరస: చేరిన నెల, మొదటిసారి మనసు చివుక్కుమన్న నెల, దానికి ముందు వారంలో ఏం జరిగింది, తర్వాత వారంలో ఆమె ఏం చేసింది, మానేసిన నెల. ఎవరు మంచివాళ్ళు, ఎవరు చెడ్డవాళ్ళు అనే గడి అందులో లేదు. జ్ఞాపకం ఎప్పుడూ మన వైపే మొగ్గుతుంది కాబట్టి, దొరికినంతవరకు పాత మెయిళ్ళు, వాట్సాప్, భర్తతో చేసుకున్న చాట్‌లు చూసి రాయమన్నాను.

మొదటి ఉద్యోగం తప్ప మిగతా అన్నిట్లో మొదటి చివుక్కు అయిదో నెలకీ ఏడో నెలకీ మధ్యే పడింది. అప్పటిదాకా ఆమెని అందరూ మెచ్చుకుంటారు. ఎవరూ చూడని తప్పులు చూస్తుంది, ఆడిట్‌కి ముందు రాత్రి పది దాకా ఉంటుంది. ఆ తర్వాత ఏదో ఒక సందర్భంలో ఆమెకి చెప్పకుండా ఒక నిర్ణయం జరుగుతుంది, లేదా ఆమె ఎత్తి చూపిన తప్పుని ఎవరో తేలిగ్గా తీసుకుంటారు. తర్వాతి వారం గడిలో మూడు చోట్ల ఒకే మాట ఉంది: “మెయిల్ పెట్టాను.”

ఆ మెయిల్ చూడాలనిపించింది. మనిషి అలవాటు పట్టికలో కనపడదు, ఒక్క సంఘటనని నిమిషం నిమిషం విప్పితే కనపడుతుంది. ఐదో కంపెనీలో అప్పటికి మూడు వారాల కిందట జరిగినదాన్ని తీసుకున్నాం.

మాత్రలు అచ్చుపోసే మెషీన్ దగ్గర నిర్ణీత సమయాలకి కొన్ని మాత్రలు తీసి తూకం వేసి, బ్యాచ్ రికార్డులో రాసి సంతకం పెట్టాలి. ఆ రోజు ఉదయం ఆమె రికార్డు చూస్తుంటే, ముందు రోజు మధ్యాహ్నం రెండున్నర తూకం ఉంది, పక్కన సంతకం లేదు. ఇలాంటి చోట తర్వాత వచ్చి పాత తేదీతో సంతకం పెట్టకూడదు. ఆ రోజు తేదీ వేసి, ఎందుకు ఆలస్యమైందో రాసి పెట్టాలి. ఆమె పట్టుకున్నది సరైన తప్పే. నేను అడిగింది ఆ తర్వాత పది నిమిషాల గురించి.

“చూడగానే ఏమైంది?”

“వేడి వచ్చింది మేడమ్, చెవుల దగ్గర. మళ్ళీ ఇదేనా అనిపించింది.”

“ఆ సూపర్‌వైజర్ ఎక్కడున్నాడు?”

“షాప్‌ఫ్లోర్‌లో. రెండు గోడల అవతల.”

“ఫోన్ ఉందా?”

“ఎక్స్‌టెన్షన్ ఉంది.” కాస్త ఆగి, “చెయ్యలేదు” అంది.

మెయిల్ రాసింది. సూపర్‌వైజర్‌కి పంపుతూ, ప్రొడక్షన్ హెడ్‌ని, తన మేనేజర్‌ని సీసీలో పెట్టింది. మెయిల్‌లో అమర్యాద ఏమీ లేదు. ఇది రెండోసారి జరుగుతోందని, అంతకుముందు జరిగిన తేదీతో సహా రాసింది. పంపాక ఎలా ఉంది అని అడిగితే, ఆమె సిగ్గుపడుతూ చెప్పింది: “హాయిగా ఉంది. టీ తాగాను.”

ఆ టీ దగ్గరే నాకు కేసు తెరుచుకుంది. వేడి, మెయిల్, హాయి. ఒక పని చేస్తే ఒంట్లో ఉన్న టెన్షన్ దిగిపోతుందంటే, మళ్ళీ టెన్షన్ వచ్చినప్పుడు చెయ్యి ఆ పని వైపే వెళ్తుంది. ఆ పని మంచిదా చెడ్డదా అన్న లెక్క చేతికి ఉండదు. నష్టం వెంటనే కనపడితే అలవాటు అక్కడే ఆగేది. కానీ ఆ నష్టం రెండు మూడు వారాల తర్వాత, వేరే మనిషి దగ్గర, వేరే రూపంలో వస్తుంది. సూపర్‌వైజర్ హెడ్ చేత మాట పడతాడు. ఆ తర్వాత చిన్న సంగతులు ఆమెకి చెప్పడం మానేస్తాడు. అతన్ని చూసి మిగతావాళ్ళు మానేస్తారు. ఆమెకి తెలియాల్సినవి తెలియకుండా జరుగుతాయి. “నన్ను పక్కన పెడుతున్నారు” అని ఆమెకి అనిపిస్తుంది, అది నిజం కూడా. అప్పుడు ఇంకా ఎక్కువ మెయిళ్ళు పెడుతుంది. తన పట్టికలో “నాకు చెప్పకుండా నిర్ణయం జరిగింది” అన్న గడి గొడవకి మొదలు అని ఆమె అనుకుంది. మేం మెయిల్ తేదీలు పక్కన రాసి చూస్తే, మూడు చోట్లలో రెండింట్లో అంతకుముందే అలాంటి మెయిళ్ళు వెళ్ళాయి. ఆమె మొదలు అనుకున్నది సగం దూరం వచ్చాక జరిగిన సంగతి.

ఈ అలవాటు ఎక్కడిదో తెలుసుకోడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆమె నాన్న ఖమ్మం జిల్లాలో ఒక సహకార సంఘంలో క్యాషియర్. ఒకసారి వోచర్ కనపడక లెక్క తేడా వచ్చింది. పై అధికారి నోటిమాటగా చెబితే డబ్బు ఇచ్చాడు, తర్వాత ఆ అధికారి చెప్పలేదన్నాడు. ఎనిమిది నెలలు సస్పెన్షన్. ఆమెకి అప్పుడు పదకొండేళ్ళు. కాగితం లేని మాట నీళ్ళ మీద రాత అని ఆ ఇంట్లో ఎన్నిసార్లు విని ఉంటుందో. ఈ కథ చెప్పి ఆమె ఏడ్చింది, నేను విన్నాను. అయినా ఆ సెషన్‌లోనే మళ్ళీ మెయిల్ దగ్గరికి వచ్చాం. చిన్ననాటి కారణం దొరకగానే పని అయిపోయిందనుకుని ఆగిపోయిన కేసులు నేను చూశాను, ఒకటి రెండు నావే.

రెండో కంపెనీ

ఇంతవరకు చదివినవాళ్ళకి అన్నీ ఆమె వల్లే అనిపించవచ్చు. ఆమెకీ అనిపించింది, ఆ సంగతి కిందికి వస్తుంది. కానీ రెండో కంపెనీలో ఆమె మానేసింది, మూడు వారాల పాత రికార్డుల మీద పాత తేదీలతో సంతకాలు పెట్టమన్నందుకు. నోటితో చెప్పారు, కాగితం మీద లేదు. ఆమె మెయిల్ పెట్టి అడిగింది, జవాబు రాలేదు, అప్రైజల్‌లో “టీమ్‌తో కలవదు” అని వచ్చింది. అక్కడ ఆమె అలవాటే ఆమెని కాపాడింది. దాన్ని మిగతా మూడింటితో కలిపి ఒకే గంపలో వేస్తే, ఇకముందు అలాంటిది వచ్చినప్పుడు “నాదే తప్పేమో” అని సంతకం పెట్టేస్తుంది. ఇంకోటి, ఆడవాళ్ళు గట్టిగా మాట్లాడితే పడే పేరు, మగవాళ్ళకి అదే మాటకి పడే పేరు ఒకటి కాదు. ఆమె విన్న “కలవదు” అన్న మాటలో అది కూడా కొంత ఉండి ఉంటుంది. ఎంత అని తూచి చెప్పే త్రాసు నా దగ్గర లేదు.

మనిషి అలవాటు వల్ల జరిగినదాన్నీ ఆ చోటు వల్ల జరిగినదాన్నీ విడదీయడానికి నేను వాడేది ఒక మొరటు పరీక్ష. ఆ కుర్చీలో మీకంటే ముందు ఎవరు కూర్చున్నారు, తర్వాత ఎవరు కూర్చున్నారు, వాళ్ళకి ఏమైంది? ఫార్మాలో అందరికీ అందరూ తెలుసు, వారంలో సమాచారం వచ్చింది. రెండో కంపెనీలో ఆమెకి ముందు ఇద్దరు ఏడాది తిరక్కుండా మానేశారు, తర్వాత వచ్చినామె కూడా ఆరు నెలల్లో వెళ్ళిపోయింది. అది కుర్చీ సమస్య. మూడో కంపెనీలో ఆమె స్థానంలోకి వచ్చినతను అదే మేనేజర్ కింద నాలుగేళ్ళుగా ఉన్నాడు. నాలుగో చోట కూడా అంతే, అక్కడి కొత్త మనిషికి ప్రమోషన్ కూడా వచ్చింది. మొదటి కంపెనీ గురించి ఏమీ తేలలేదు, ఆ డిపార్ట్‌మెంటే మూసేశారు.

ఈ పరీక్షకి ఒక లోపం ఉంది. తర్వాత వచ్చినవాళ్ళు నిలబడ్డారంటే వాళ్ళు సర్దుకుపోయారనీ, చూసీ చూడనట్టు ఊరుకున్నారనీ కూడా అర్థం కావచ్చు. క్వాలిటీ ఉద్యోగంలో అది చిన్న సంగతి కాదు. అందుకే దీన్ని ఒక్కదాన్నే నమ్మను.

ఇక్కడే నేను ఒక తప్పు చేశాను. ఈ పరీక్ష ఐదో వారంలో ఇచ్చాను, ఆమె ఒక్కతే ఇంట్లో కూర్చుని ఆ వివరాలన్నీ సేకరించింది. తర్వాతి సెషన్‌కి వచ్చేసరికి ముఖం పీక్కుపోయి ఉంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తోందట. “నాలుగు ఉద్యోగాలూ నేనే పోగొట్టుకున్నాను మేడమ్. మా ఆయన ట్రాన్స్‌ఫర్ వద్దనుకుంది కూడా నా ఉద్యోగం కోసమే.” పీహెచ్‌క్యూ-9 మళ్ళీ ఇస్తే 13 వచ్చింది. అన్నిటికీ ఎదుటివాళ్ళే కారణం అనుకున్న మనిషి, అన్నిటికీ నేనే అనడం మొదలుపెట్టింది. ఇదీ ఆ మొదటి వాక్యం లాంటిదే. ఇందులోనూ ఒక్కరే దోషి, దర్యాప్తు లేదు. ఆ వివరాలు నా ఎదుట కూర్చుని చూడాల్సినవి. మూడు వారాలు పట్టికలన్నీ పక్కన పెట్టి నిద్ర మీద పనిచేశాం. అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతానని చెప్పి ఉంచాను, ఆ అవసరం రాలేదు. 13 నుంచి 8కి దిగాకే మళ్ళీ మొదలుపెట్టాం.

ఏమని అడగాలి

మన సొంత అలవాటు మనకి ఎలా కనపడుతుందో చూశాం, పక్కవాళ్ళకి ఎలా కనపడుతుందో తెలియాలంటే వాళ్ళనే అడగాలి. ఆమె “నాలో తప్పేంటో నిజం చెప్పమని అడగనా?” అంది. వద్దన్నాను. మనవాళ్ళు ఆ ప్రశ్నకి “అయ్యో, మీకేం మేడమ్, బంగారం” అంటారు. లేదా ఎన్నాళ్ళుగానో దాచుకున్న కోపమంతా కక్కేస్తారు. రెండూ పనికిరావు. మనం అడగబోయే మనిషి మరీ స్నేహితురాలు కానీ, పడనిమనిషి కానీ కాకూడదు. ఇక ఆ మనిషి భవిష్యత్తు మన చేతుల్లో ఉండకూడదు, అంటే ఇప్పుడు మన కింద పనిచేసే మనిషి అసలు వద్దు. నాలుగో కంపెనీలో ఆమె కింద పనిచేసి, ఇప్పుడు వేరే చోట స్థిరపడ్డ ఒక అమ్మాయిని ఎంచుకుంది. అడగాల్సిన ప్రశ్న ఇద్దరం కలిసి రాసుకున్నాం: “నాకు ఏదైనా చెడ్డ వార్త చెప్పాల్సి వస్తే, నా దగ్గరికి వచ్చే ముందు నువ్వు ఏం చేసేదానివి?”

ఈ ప్రశ్నలో మంచీ చెడూ లేవు, ఎదుటివాళ్ళు తాము చేసిన పని చెప్తే చాలు. ఆ అమ్మాయి ఫోన్‌లో చాలాసేపు నవ్వి, తర్వాత చెప్పిందట: “కాగితాలన్నీ రెడీ పెట్టుకునేదాన్ని అక్కా. మీరు ఏం అడుగుతారో అన్నీ రాసుకునేదాన్ని. అది అయ్యేసరికి సాయంత్రం అయ్యేది, ఇంక రేపు చెబుదాంలే అనుకునేదాన్ని. మీరు తిట్టరు. ‘అలాగా’ అంటారు. మీరు అలాగా అన్నారంటే ఇంక అయిపోయిందే అనుకునేవాళ్ళం.”

‘అలాగా’ అన్న మాట ఆమె నాతో కూడా అంటుంది. ఫీజు పెరుగుతుందని చెప్పిన రోజు అంది. నాకూ ఒక్క క్షణం ఏదో తప్పు చేసినట్టు అనిపించింది. ఆ రోజు ఆ సంగతి ఆమెకి చెప్పాను. “నేను ఆలోచించుకోడానికి అంటాను మేడమ్, కోపం కాదు” అంది. ఆమె లోపల అది ఆలోచన, ఎదుటివాళ్ళకి అది తీర్పు. ఆ తర్వాత వచ్చే సీసీ మెయిల్ ఆ తీర్పుకి రుజువు.

కరెక్షన్, కాపా

ఏం మార్చాలన్నది ఆమె భాషలోనే తేలింది. ఫ్యాక్టరీలో జరిగిన తప్పుని సరిచేయడాన్ని కరెక్షన్ అంటారట, ఆ తప్పు ఎందుకు వస్తోందో ఆ కారణాన్ని తీసేయడం కాపా. లీక్ అయిన చోట తుడవడం కరెక్షన్, వాషర్ మార్చడం కాపా. “కంపెనీ మారడం కరెక్షనే మేడమ్. నాలుగుసార్లు తుడిచాను” అంది.

మేం పెట్టుకున్న కాపా ఒకే ఒక్క పని. తప్పు కనపడ్డప్పుడు, మెయిల్ రాసే ముందు ఒకసారి ఫోన్ చేయాలి, లేదా లేచి వెళ్ళాలి. మాట్లాడాక కూడా మెయిల్ పెట్టవచ్చు, రికార్డు ఉండాలన్న ఆమె పట్టుదల తప్పు కాదు. అయితే అందులో “మనం మాట్లాడుకున్నట్టు” అన్న ముక్క ఉండాలి, మొదటి మెయిల్‌లో సీసీ ఉండకూడదు. రెండు మినహాయింపులు ముందే రాసుకున్నాం: మందు వాడేవాళ్ళకి ప్రమాదం ఉన్న సంగతి, రికార్డు మార్చమన్న సంగతి. వాటికి నేరుగా, సీసీతో సహా, ఆ నిమిషమే రాయాలి. ‘అలాగా’ బదులు ఏం అనాలన్నది ఆమే ఎంచుకుంది: “సరే, నాకు పది నిమిషాలు ఇవ్వు, ఆలోచించి చెప్తాను.”

మొదలుపెట్టే ముందు ఒక వారం మామూలుగానే ఉండి లెక్కపెట్టమన్నాను. ఆ వారం పైవాళ్ళని సీసీలో పెట్టిన మెయిళ్ళు పదకొండు. వాటిలో మినహాయింపు కిందికి వచ్చేవి రెండు. ఆరు వారాల తర్వాత లెక్క వారానికి మూడు నాలుగుకి వచ్చింది.

అది తేలిగ్గా జరగలేదు. మొదటి రోజు ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ “మెయిల్ పెట్టండి మేడమ్, మాకు రికార్డ్ కావాలి” అన్నాడట, ఆమె మాట ఆమెకే అప్పజెప్పాడు. రెండో వారంలో మాట్లాడి సరిచేసుకుందామన్న ఒక సంగతిని అతను చేయకుండా వదిలేశాడు, ఆమె పరువు పోయినంత పనైంది. “చూశారా మేడమ్, అందుకే మెయిల్ పెడతాను” అని నాకు రాత్రి మెసేజ్ వచ్చింది. అతను చేయకపోవడం నిజం, ఆమె కోపం న్యాయం. కానీ ఆరు నెలలు మెయిళ్ళతో కొట్టించుకున్న మనిషి ఒక ఫోన్‌కి కరిగిపోతాడని ఎదురుచూడటం మా ఇద్దరి తొందరపాటు. ఫోన్ చేసి, రెండు రోజులు చూసి, అప్పుడు మెయిల్ అని నియమాన్ని కాస్త మార్చుకున్నాం.

ఆరో ఉద్యోగానికి అప్లై చేయడం ఆపింది. నేను ఆపమనలేదు. “దర్యాప్తు మధ్యలో బ్యాచ్ రిలీజ్ చేయకూడదు” అంది, నవ్వుతూనే.

ఎఫెక్టివ్‌నెస్ చెక్ ఆరు నెలలకి పెట్టుకుందామని తనే తేదీ వేసుకుంది. ఆ రోజుకి మూడు కాగితాలు తెచ్చింది. అదే కంపెనీలో ఉంది. ల్యాబ్‌లో పనిచేసే జూనియర్లు ఇద్దరు తప్పు జరిగిన రోజే వచ్చి చెప్తున్నారు, అంతకుముందు అది రెండు మూడు రోజులు పట్టేది. సూపర్‌వైజర్ ఇప్పటికీ ముభావంగానే ఉన్నాడు, పనికి మించి మాట్లాడడు. మేనేజర్ అప్పుడప్పుడు అందరి ముందూ కసురుకుంటాడు. అది అతని అలవాటు, ఆమె కాపాలో లేదు. ఒకసారి కోపంలో సీసీ పెట్టేసింది. అది మినహాయింపు కిందికి రాదని తనే రాసుకొచ్చి, పక్కన కారణం కూడా రాసింది: రాత్రి పాపకి జ్వరం, నిద్ర లేదు.

లేచి వెళ్ళబోతూ, “మొన్న మా ఆయన కూడా అదే మాట అన్నారు మేడమ్. ‘అలాగా’ అనొద్దు, తిట్టినా పర్లేదు అన్నారు” అంది.

“దాని గురించి మాట్లాడదామా?” అని అడిగాను.

కాగితాలు ఫైల్‌లో సర్దుకుంటూ కాసేపు ఆలోచించింది. “అది వేరే డీవియేషన్. దానికి వేరే నంబర్ వేయాలి మేడమ్” అని, వచ్చే నెలలో ఒక శనివారం ఖాళీ ఉందేమో చూడమంది.